పుష్‌డౌన్‌లో సాగని లాంగ్ హెడ్

బెంగళూరు మారతహళ్లిలో నేను ట్రైనింగ్ ఇచ్చే జిమ్‌లో సాయంత్రం ఏడు దాటితే సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. చుట్టుపక్కల పీజీల్లో ఉండే కుర్రాళ్లు, ఆఫీసు బ్యాగుతోనే నేరుగా వచ్చేసేవాళ్లు. వాళ్లలో అనంతపురం నుంచి వచ్చిన ఒకతను ఈమధ్య గట్టిగా నిలదీశాడు. "అన్నా, పుష్‌డౌన్ 40 పెట్టి కొడతా. అదే రోప్ తలపైకి తీసుకుపోయి ఓవర్‌హెడ్ ఎక్స్‌టెన్షన్ చేస్తే 15కే చేతులు వణుకుతాయి. ఎక్కువ బరువు లాగేదాంట్లోనే కదా కండ ఎక్కువ పని చేసేది? మళ్లీ మీరు ఓవర్‌హెడ్ మానొద్దంటారు!"

అడగాల్సిన ప్రశ్నే. పుష్‌డౌన్ అంటే మోచేతులు ఒంటి పక్కన ఉంచి కేబుల్‌ని కిందికి నొక్కడం, ఓవర్‌హెడ్ అంటే తల వెనక నుంచి దాన్ని పైకి చాపడం. ట్రైసెప్స్ లాంగ్ హెడ్‌కి ఓవర్‌హెడ్ మంచిదని జిమ్‌లో అందరూ అంటారు, ఎందుకో అడిగితే "స్ట్రెచ్ అవుతుంది కదా" అని ఆగిపోతారు. స్ట్రెచ్ అయితే ఏమవుతుంది, ఎంత అవుతుంది, తక్కువ బరువుతో ఎక్కువ ఫలితం ఎలా వస్తుంది అన్నవి విడదీసి చూస్తే తప్ప ఆ కుర్రాడి అనుమానం తీరదు.

ముందు కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడాలి. దండచెయ్యి వెనకవైపు ఉండే ట్రైసెప్స్‌కి పేరుకు తగ్గట్టు మూడు పాయలు. బయటివైపు ఉండేది లేటరల్ హెడ్, లోతుగా ఎముకని అంటుకుని ఉండేది మీడియల్ హెడ్. ఈ రెండూ దండచేతి ఎముక మీదే మొదలవుతాయి. మూడోది లాంగ్ హెడ్. ఇది దండచేతి ఎముక మీద పుట్టదు. భుజం కీలు దాటి పైకి వెళ్లి, రెక్క ఎముకలో చెయ్యి అమరే గుంట ఉంటుంది కదా, సరిగ్గా దాని కింది అంచున అతుక్కుని ఉంటుంది. కిందకి వచ్చేసరికి మూడు పాయలూ కలిసి టెండన్ అనే ఒకే గట్టి తాడులా మారి, మోచేయి వెనక గట్టిగా తగిలే ఎముక కొనకి అతుక్కుంటాయి.

అంటే లేటరల్, మీడియల్ హెడ్‌లకి తెలిసింది ఒకే కీలు, మోచేయి. భుజం ఏ కోణంలో ఉన్నా వాటి పొడవు మారదు. లాంగ్ హెడ్ మాత్రం రెండు కీళ్లు దాటుతుంది. మోచేయి ముడిచినా సాగుతుంది, చెయ్యి పైకెత్తినా సాగుతుంది. రెండూ ఒకేసారి చేస్తే రెండు వైపుల నుంచీ సాగుతుంది. చెయ్యి పక్కన వేలాడుతుండగా మోచేయి చాపితే రెండు వైపుల నుంచీ కుదించుకుపోతుంది. పుష్‌డౌన్‌లో కింద ఆగే చోటు ఇదే.

దీన్ని సెంటీమీటర్లలో చూస్తే విషయం ఇంకా బాగా కనిపిస్తుంది. కండ కీలు మధ్యబిందువుకి ఎంత దూరంగా వెళ్తుందో తెలిస్తే, ఆ కీలు ఇంత కోణం తిరిగినప్పుడు కండ ఎంత సాగుతుందో లెక్క కట్టొచ్చు. మోచేయి దగ్గర ట్రైసెప్స్‌కి ఆ దూరం సుమారు 2 సెంటీమీటర్లు. భుజం దగ్గర లాంగ్ హెడ్‌కి కూడా 2 సెంటీమీటర్లే అనుకుందాం. కోణాన్ని బట్టి ఇది మారుతూ ఉంటుంది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. అందుకని వచ్చే అంకెల్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

చెయ్యి పక్కన ఉంచి మోచేయి పూర్తిగా చాపినప్పటి పొడవుని సున్నా అనుకుందాం. పుష్‌డౌన్ మొదలుపెట్టేటప్పుడు మోచేయి సుమారు 100 డిగ్రీలు ముడిచి ఉంటుంది. లెక్క ప్రకారం లాంగ్ హెడ్ 3.5 సెంటీమీటర్లు సాగి ఉంటుంది. అక్కడి నుంచి కిందికి నొక్కుతూ సున్నాకి వస్తుంది. కాబట్టి పుష్‌డౌన్ మొత్తం సున్నాకీ 3.5కీ మధ్యనే జరుగుతుంది.

ఇక ఓవర్‌హెడ్. చెయ్యి 160 డిగ్రీలు పైకెత్తాం అనుకుంటే, 160 డిగ్రీలూ లాంగ్ హెడ్‌ని సాగదీస్తాయని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చెయ్యి పైకెత్తినప్పుడు కదిలేది భుజం కీలు ఒక్కటే కాదు, రెక్క ఎముక కూడా పక్కటెముకల మీద జారుతూ పైకి తిరుగుతుంది. స్థూలంగా మూడింట రెండు వంతులు కీలు తిరిగితే, ఒక వంతు రెక్క ఎముక తిరుగుతుంది. లాంగ్ హెడ్ పుట్టేది ఆ రెక్క ఎముక మీదే కాబట్టి, ఎముకతో పాటు కండ మొదలు కూడా తిరిగిపోతుంది. కండని సాగదీసేది కీలు వంతు మాత్రమే. 160లో మూడింట రెండు వంతులంటే సుమారు 107 డిగ్రీలు. దానికి 3.7 సెంటీమీటర్లు సాగుతుంది. తల వెనక మోచేయి 120 డిగ్రీలు ముడిస్తే దానికి ఇంకో 4.2.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. ఓవర్‌హెడ్‌లో లాంగ్ హెడ్ 7.9 దగ్గర మొదలై, చేతులు పైకి పూర్తిగా చాపాక 3.7 దగ్గర ఆగుతుంది. పుష్‌డౌన్‌లో 3.5 దగ్గర మొదలై సున్నా దగ్గర ఆగుతుంది. ఓవర్‌హెడ్‌లో లాంగ్ హెడ్ అతి తక్కువ సాగి ఉండే చోటు కూడా, పుష్‌డౌన్‌లో అతి ఎక్కువ సాగి ఉండే చోటుకి కొంచెం పైనే ఉందన్నమాట. అంకెలు ఉజ్జాయింపువే కాబట్టి ఆ రెండు మిల్లీమీటర్ల తేడాని పట్టుకుని వాదించాల్సిన పని లేదు. కానీ లాంగ్ హెడ్ వరకు ఈ రెండు వ్యాయామాలూ కండ పొడవులో వేర్వేరు భాగాల్లో జరుగుతాయన్నది మాత్రం నిజం. లేటరల్ హెడ్‌కైతే రెండింటిలోనూ దాదాపు అదే పొడవు, అదే పని.

సరే, సాగింది. సాగితే ఏమిటి?

కండ పోగు లోపల సన్నటి తంతువులు రెండు రకాలు, ఆక్టిన్, మయోసిన్. మీ రెండు చేతుల వేళ్లని ఒకదానిలో ఒకటి దూర్చి చూడండి, అవి అలా ఒకదాని మధ్యలోకి ఒకటి వెళ్లి ఉంటాయి. మయోసిన్ ఆక్టిన్‌ని పట్టుకుని లోపలికి లాగడమే కండ కుదించుకోవడం. వేళ్లు మరీ లోపలికి దూరిపోతే ఇక లాగడానికి చోటుండదు, మరీ బయటికి వచ్చేస్తే పట్టుకునే జాగా తగ్గిపోతుంది. మధ్యలో ఎక్కడో బలం ఎక్కువగా వచ్చే పొడవు ఒకటి ఉంటుంది. మనిషి కండల్లో ఈ తంతువులు అమరి ఉండే చిన్న గది, అంటే సార్కోమియర్, సుమారు 2.7 మైక్రోమీటర్ల దగ్గర ఉన్నప్పుడు పట్టు గట్టిగా ఉంటుంది.

పుష్‌డౌన్ కింది సగంలో లాంగ్ హెడ్ బాగా కుదించుకుపోయి ఉంటుంది. రెండు కీళ్లు దాటే కండ రెండు వైపులా కుదించుకుంటే, దాని నుంచి వచ్చే బలం పడిపోతుంది. దీన్ని యాక్టివ్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. ఆ చోట మోచేయి చాపే పనిలో ఎక్కువ భాగం భుజం కోణంతో పొడవు మారని లేటరల్, మీడియల్ హెడ్‌లు మోయాల్సి వస్తుంది. ముందుకి వంగి డంబెల్‌ని వెనక్కి చాపే కిక్‌బ్యాక్ అయితే ఇంకా ఒక అడుగు ముందుకి వెళ్తుంది. అందులో చెయ్యి నడుముకి వెనక్కి పోతుంది కాబట్టి లాంగ్ హెడ్ మన లెక్కలో సున్నా కన్నా కిందికి దిగుతుంది.

ఓవర్‌హెడ్‌లో దీనికి ఎదురు జరుగుతుంది. అక్కడ మయోసిన్ లాగే బలానికి తోడు ఇంకో బలం కలుస్తుంది. టైటిన్ అనే పెద్ద ప్రొటీన్ సార్కోమియర్ అంచు నుంచి మధ్యదాకా స్ప్రింగులా పరుచుకుని ఉంటుంది. కండ సాగినకొద్దీ అది బిగుసుకుంటుంది. పోగుల చుట్టూ ఉండే పొరలు కూడా బిగుసుకుంటాయి. ఇదంతా మనం ప్రయత్నించకుండానే వచ్చే టెన్షన్. బరువు పట్టుకుని తల వెనకకి నెమ్మదిగా దించుతున్నప్పుడు, మనం లాగే బలం, తనంతట తాను బిగుసుకునే బలం రెండూ ఒకే పోగు మీద పడతాయి. కండ పెరగడానికి ముఖ్యమైన సంకేతం పోగు మీద పడే ఈ టెన్షనే.

ఈ సందర్భంలో బరువు గురించి ఒక చిన్న లెక్క. ఒక చేత్తో 8 కేజీల డంబెల్ పట్టుకుని తల వెనక ముంజేయి నేలకి సమాంతరంగా ఉందనుకుందాం. మోచేయి నుంచి అరచేతికి సుమారు 30 సెంటీమీటర్లు. ట్రైసెప్స్ పట్టుకుని లాగే దూరం 2 సెంటీమీటర్లు. తేడా 15 రెట్లు. కాబట్టి ఆ 8 కేజీల్ని ఆపడానికి ట్రైసెప్స్ టెండన్ మీద సుమారు 120 కేజీల లాగుడు పడుతుంది. ముంజేతి బరువుని ఇందులో కలపలేదు. చిన్న డంబెల్ అని తీసిపారేయడానికి లేదు.

ఇక్కడిదాకా చదివితే "ఓవర్‌హెడ్‌లో లాంగ్ హెడ్ ఎక్కువ పని చేస్తుంది" అన్న మాట సరిపోయినట్టే ఉంటుంది. కానీ "ఎక్కువ పని" అంటే ఏమిటన్న దగ్గర అసలు చిక్కు ఉంది. చాలా వీడియోల్లో ఈఎంజీ గ్రాఫు చూపించి, ఈ వ్యాయామంలో కండ ఇంత శాతం పని చేస్తోందని చెబుతారు. ఈఎంజీ అంటే చర్మం మీద ఎలక్ట్రోడ్‌లు అతికించి నరం పిలుపుకి కండలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని కొలవడం. ట్రైసెప్స్ మూడు పాయల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం, చెయ్యి కిందికి ఉన్నప్పుడే లాంగ్ హెడ్ వాటా ఎక్కువనీ, చెయ్యి 90 డిగ్రీలు, ఆపైకి వెళ్లాక మీడియల్ హెడ్ ఆ పని అందుకుంటుందనీ చెప్పింది. అంటే మనం అనుకున్నదానికి ఎదురు!

ఈ ఫలితాన్ని పక్కన పడేయకూడదు, దాని అర్థం ఏమిటో చూడాలి. ఈఎంజీ చెప్పేది నరం ఎంత గట్టిగా పిలుస్తోందో మాత్రమే. పోగు మీద ఎంత టెన్షన్ పడుతోందో అది చెప్పలేదు. టైటిన్ బిగుసుకుంటే వచ్చే బలానికి నరం పిలుపు అక్కర్లేదు, కాబట్టి అది గ్రాఫులో కనిపించదు. పైగా చెయ్యి పైకెత్తితే చర్మం కింద కండ జరుగుతుంది, ఎలక్ట్రోడ్ అతికించినచోటే ఉంటుంది. ముందు ఏ భాగాన్ని కొలిచిందో, తర్వాత అదే భాగాన్ని కొలుస్తోందన్న భరోసా తగ్గుతుంది. ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ ఈఎంజీ అంకెల్ని పోల్చడం అందుకే కష్టం. నా దృష్టిలో, లాంగ్ హెడ్ ఓవర్‌హెడ్‌లో "ఎక్కువ పని చేస్తుంది" అంటే ఎక్కువ సాగిన స్థితిలో ఎక్కువ టెన్షన్ భరిస్తుంది అని. నరం దాన్ని ఎక్కువ పిలుస్తుందని అర్థం చేసుకుంటే లెక్క తప్పుతుంది.

అలాంటప్పుడు చివరికి చూడాల్సింది ఒకటే, కండ నిజంగా పెరిగిందా లేదా. దీన్ని సూటిగా కొలిచిన అధ్యయనం జపాన్‌లో సుమియాకి మాఎవో బృందం చేసింది, 2022లో ప్రచురించారు. 21 మంది, 12 వారాలు, వారానికి రెండుసార్లు. ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ప్రతి మనిషీ ఒక చేత్తో ఓవర్‌హెడ్, ఇంకో చేత్తో చెయ్యి పక్కన ఉంచి ఎక్స్‌టెన్షన్ చేశాడు. రెండూ కేబుల్ మీదే. తిండి, నిద్ర, వంశం రెండు చేతులకీ ఒకటే కాబట్టి తేడా వస్తే అది భంగిమ వల్లనే అని చెప్పొచ్చు. ఒక్కో చేతికీ, ఆ భంగిమలో ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 70 శాతం పెట్టి, 10 రెప్‌ల చొప్పున 5 సెట్లు. కండ పరిమాణాన్ని ముందూ తర్వాతా ఎంఆర్‌ఐ తీసి కొలిచారు.

ఓవర్‌హెడ్ చేతిలో లాంగ్ హెడ్ 28.5 శాతం పెరిగింది. పక్కన ఉంచి చేసిన చేతిలో 19.6 శాతం. ఓవర్‌హెడ్ చేతికి వాడిన బరువు తక్కువ అన్నది గుర్తుంచుకోవాలి. ఆ అనంతపురం కుర్రాడి ప్రశ్నకి సూటి జవాబు ఇదే. బరువు తగ్గింది, అయినా కండ ఎక్కువ పెరిగింది.

కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. లేటరల్, మీడియల్ హెడ్‌లు కలిపి ఓవర్‌హెడ్ చేతిలో 14.6 శాతం, రెండో చేతిలో 10.5 శాతం పెరిగాయి. ఇవి భుజం దాటవు. చెయ్యి పైకెత్తినా వీటి పొడవు మారదని ఇందాకే చెప్పుకున్నాం. మరి ఇవెందుకు ఎక్కువ పెరిగాయి? సాగుదల సిద్ధాంతం ఒక్కదానితో దీన్ని వివరించలేం. చెయ్యి గుండె కన్నా పైన ఉన్నప్పుడు రక్తప్రసారం తగ్గి, కండలో ఆక్సిజన్ తక్కువై, ఆ ఒత్తిడి వల్ల పెరుగుదల కలిసివచ్చి ఉండొచ్చని పరిశోధకులు ఊహించారు. ఊహే, నిరూపణ కాదు.

ఇదే బృందం 2021లో తొడ వెనక కండల మీద చేసిన పనిని దీని పక్కన పెట్టి చూస్తే ఈ చిక్కు ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ కూర్చుని చేసే లెగ్ కర్ల్‌నీ, బోర్లా పడుకుని చేసేదాన్నీ పోల్చారు. కూర్చుంటే తుంటి ముడుచుకుంటుంది కాబట్టి తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటే కండలు సాగుతాయి. మొత్తం హామ్‌స్ట్రింగ్స్ కూర్చుని చేస్తే 14.1 శాతం, పడుకుని చేస్తే 9.3 శాతం పెరిగాయి. మోకాలు ఒక్కటే దాటే చిన్న పాయలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు. అక్కడ సిద్ధాంతం చెప్పినట్టే జరిగింది. ట్రైసెప్స్ దగ్గరికి వచ్చేసరికి ఒక కీలు దాటే పాయలు కూడా లాభపడ్డాయి. అందుకే లాంగ్ హెడ్ విషయంలో సాగుదల పాత్ర మీద నాకు గట్టి నమ్మకం ఉంది కానీ, మొత్తం తేడా అంతా దానివల్లేనని చెప్పడానికి మాత్రం ఒప్పుకోను.

ఇక ఆ 40కీ 15కీ తేడా. మా జిమ్‌లో పుష్‌డౌన్ అతను చేసేది రెండు పక్కలా కేబుళ్లు ఉన్న పెద్ద మెషిన్ మీద. అలాంటి చాలా మెషిన్లలో కప్పీల అమరిక వల్ల చేతికి తగిలే బరువు స్టాక్ మీద రాసినదాంట్లో సగమే ఉంటుంది. ఓవర్‌హెడ్ చేసేది పక్కనున్న ఒంటి కేబుల్ స్టాండు మీద, అక్కడ రాసిన బరువంతా చేతికి వస్తుంది. మీ జిమ్‌లో ఎలా ఉందో కనుక్కోవడం తేలిక. హ్యాండిల్‌ని ఒక మీటరు లాగి ప్లేట్లు ఎంత పైకి లేచాయో చూడండి. అర మీటరే లేస్తే చేతికి సగం బరువు, మీటరు లేస్తే మొత్తం బరువు. ఈ లెక్కన అతని 40 నిజానికి 20, రెండు చేతులకీ పంచితే ఒక్కోదానికి 10. ఓవర్‌హెడ్ 15ని పంచితే ఒక్కోదానికి ఏడున్నర. రెండున్నర రెట్లు కన్నా ఎక్కువ అనుకున్న తేడా కాస్తా నాలుగో వంతుకి దిగింది. ఇది చూపించాక అతను మెషిన్ దగ్గరే నిలబడి రెండు హ్యాండిళ్లూ లాగి చూసుకున్నాడు.

మిగిలిన నాలుగో వంతుకి కారణాలు ఉన్నాయి. ఓవర్‌హెడ్‌లో భుజం చుట్టూ ఉన్న కండలు చేతుల్ని పైన నిలబెట్టడానికి అలసిపోతాయి. బాగా సాగిన చోట మయోసిన్ పట్టు కొంత వదులై ఉండొచ్చు. పుష్‌డౌన్‌లో ఒళ్లు ముందుకి వాల్చి, మోచేతులు కదిలించి, వీపు కండల్నీ ఛాతీనీ సాయం తెచ్చుకోవచ్చు. చాలామంది 40 అలాగే కొడతారు. ఓవర్‌హెడ్‌లో అంత సాయం దొరకదు.

అయితే ఓవర్‌హెడ్‌లోనూ మోసం జరుగుతుంది, అది కళ్లకి కనపడదు. లాంగ్ హెడ్‌కి నేలతో పని లేదు. దండచెయ్యికీ మొండేనికీ మధ్య ఎంత కోణం ఉందన్నదే ముఖ్యం. చేతులు నిటారుగా ఆకాశంలోకి ఉన్నట్టు కనిపిస్తూనే ఆ కోణం 130 మాత్రమే ఉండొచ్చు. నడుము వెనక్కి విల్లులా వంచి, పక్కటెముకలు ముందుకి పొడుచుకొచ్చేలా నిలబడితే అదే అవుతుంది. ఛాతీ వెనక్కి వాలింది కాబట్టి చేతులు పైకి వెళ్లాయి, భుజం కీలు తిరిగింది మాత్రం తక్కువే. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునే మా దగ్గరి కుర్రాళ్లలో ఇది చాలా ఎక్కువగా చూస్తాను. పరీక్షించుకోవాలంటే గోడకి వీపు ఆనించి, నడుముకీ గోడకీ మధ్య అరచెయ్యి మాత్రమే పట్టేంత సందు ఉంచి, చేతులు పైకెత్తండి. ఆ సందు పెరగకుండా చేతులు ఎంతవరకు వెళ్తే అదే మీ అసలు కోణం.

దీనికి తిరుగు ఉదాహరణ కూడా ఉంది. కేబుల్‌కి వీపు పెట్టి, ఒళ్లు ముందుకి వంచి, చేతులు ముందుకి చాపి చేసేవాళ్లని చూస్తే ఇది ఓవర్‌హెడ్ కాదనిపిస్తుంది, ఎందుకంటే చేతులు ఆకాశంలోకి లేవు. కానీ మొండేనికీ దండచేతికీ మధ్య కోణం చూడండి, 150 పైనే ఉంటుంది. లాంగ్ హెడ్‌కి అది పూర్తి ఓవర్‌హెడ్. భుజం ఇబ్బంది పెట్టేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే పద్ధతి. బెంచీ మీద వెల్లకిలా పడుకుని నుదుటి మీదకి బార్ దించే స్కల్ క్రషర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కోణం సుమారు 90. బార్‌ని నుదుటికి కాకుండా తల వెనక్కి దించితే మోచేతులు వెనక్కి వాలి కోణం ఇంకో ఇరవై, ముప్పై డిగ్రీలు పెరుగుతుంది. లాంగ్ హెడ్ కోసమైతే అలా దించడమే మంచిది.

రెండో తప్పు మోచేతులు ముందుకి జారడం. కింద బరువు దించినప్పుడు మోచేతులు తల పక్కన ఉండి, పైకి తోసేటప్పుడు ముందుకి వచ్చేస్తే, సగం పని భుజం కదలికదే అవుతుంది. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసుకుంటే వెంటనే తెలుస్తుంది. రెప్ అంతటా మోచేయి దాదాపు ఒకే చోట ఉండాలి. కొంచెం కదిలితే ఫర్వాలేదు, జానెడు కదులుతుంటే బరువు తగ్గించాలి. మూడోది సగం రెప్‌లు. తలవెనక్కి ముంజేయి సమాంతరం దాకా వచ్చి ఆగిపోయేవాళ్లు, దేనికోసం ఆ వ్యాయామం ఎంచుకున్నారో ఆ భాగాన్నే వదిలేస్తున్నారు. మన లెక్కలో 90 నుంచి 120 డిగ్రీల దాకా మోచేయి ముడిస్తే ఒక సెంటీమీటరు పైగా అదనంగా సాగుతుంది. దించడానికి రెండు మూడు సెకన్లు తీసుకుని, కింద ఒక క్షణం ఆగి, అప్పుడు తోయాలి.

జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండు. మోచేయి వెనక ఎముక కొన మీద, అంటే ట్రైసెప్స్ అతుక్కునే చోట, వేలితో నొక్కితే నొప్పి వస్తోందంటే టెండన్ మీద భారం తొందరగా పెంచేశారని అర్థం. బరువు తగ్గించి, కొన్నాళ్లు లోతు కూడా తగ్గించి చూడాలి. రెండోది చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం. మోచేయి లోపలివైపు ఎముక వెనకాల సన్నని సందులోంచి అల్నార్ నరం వెళ్తుంది. మోచేయి బాగా ముడిచినప్పుడు ఆ సందు ఇరుకవుతుంది, నరం కూడా సాగుతుంది. సెట్ మధ్యలో ఆ రెండు వేళ్లలో జిలజిలమంటే అక్కడే ఆపేయాలి, బరువుతో నెగ్గుకురావాలని చూడకూడదు. లోతు తగ్గించినా తగ్గకపోతే, లేదా జిమ్ బయట కూడా తిమ్మిరి ఉంటే డాక్టర్‌కి చూపించుకోవాలి.

"అయితే పుష్‌డౌన్ మానేయనా అన్నా?" అని ఆ కుర్రాడు అడిగాడు. మానక్కర్లేదు. పక్కన ఉంచి చేసిన చేతిలో కూడా లాంగ్ హెడ్ దాదాపు 20 శాతం పెరిగింది కదా, అది తక్కువేం కాదు. పైగా మాఎవో బృందం పోల్చింది ఒక్కటే చేయడాన్ని. రెండూ కలిపి చేస్తే ఏమవుతుందో ఆ ప్రయోగం చూడలేదు. పుష్‌డౌన్‌లో భుజానికి ఇబ్బంది తక్కువ, మోచేయి మీద భారం తేలిక, అలసిపోయాక కూడా సురక్షితంగా చేయొచ్చు. అందుకని అతనికి వారానికి రెండు రోజులు ట్రైసెప్స్ పెట్టాను. మొదట, ఒంట్లో బలం ఉన్నప్పుడే, ఒంటి కేబుల్ మీద ముందుకి వంగి ఓవర్‌హెడ్ మూడు సెట్లు, 10 నుంచి 12 రెప్‌లు. ఆ తర్వాత పుష్‌డౌన్ రెండు సెట్లు. ఓవర్‌హెడ్ మూడు సెట్లలోనూ 12 పూర్తి లోతుతో వస్తేనే పిన్ ఒక ప్లేటు కిందికి దించి బరువు పెంచాలి. పుష్‌డౌన్ అంకెతో దాన్ని పోల్చొద్దని, రెండింటికీ నోట్‌బుక్‌లో వేర్వేరు పేజీలు పెట్టుకోమని చెప్పాను.